జలుబా? ఫ్లూనా? మొదలైన గంట, అయిదో రోజు

వానాకాలంలో ఏ ఊళ్ళోనైనా మందుల షాపు ముందు పది నిమిషాలు నిలబడితే ఒకే మాట పదే పదే వినిపిస్తుంది. "జలుబూ జ్వరం, ఏదన్నా టాబ్లెట్ ఇవ్వండి." కౌంటర్ వెనక కుర్రాడు అందరికీ ఒకే పట్టీలోంచి కత్తిరించి ఇస్తాడు. ముక్కు తుడుచుకుంటూ కబుర్లు చెబుతున్నవాడికీ అదే బిళ్ళ, బండి దిగి షాపు మెట్టు మీదే కూలబడిపోయినవాడికీ అదే బిళ్ళ. కోస్తాలో పడిశమన్నా, రొంప అన్నా, తెలంగాణలో సర్ది అన్నా, దానికి కాస్త ఒళ్ళు వెచ్చబడితే చాలు, అన్ని ఊళ్ళలోనూ దాని పేరు 'వైరల్ ఫీవర్' అయిపోతుంది.

ఆ ఇద్దరికీ వచ్చింది ఒకే జబ్బు కాకపోవచ్చు. ఒకరిది మామూలు జలుబు, రెండోవారిది ఇన్‌ఫ్లుయెంజా కావచ్చు. మొదటిది విసిగించి పోతుంది. రెండోది చాలామందిలో మంచాన పడేసి పోతుంది, కొందరిలో ఊపిరితిత్తుల మీదికి తెస్తుంది. పడిశం పది రోగాల పెట్టు అని మన పెద్దలు అన్నారు గాని, ఆ బిరుదు న్యాయంగా ఫ్లూకి దక్కాల్సింది.

ఈ రెంటినీ విడదీయడానికి డాక్టరు మొదట అడిగే ప్రశ్న చాలా సాదాగా ఉంటుంది: ఎప్పుడు మొదలైంది? జలుబు చేసినవారు కాస్త తడుముకుంటారు. "మొన్న రాత్రి గొంతులో గరగరలాడింది, నిన్న తుమ్ములు, ఇవాళ ముక్కు కారుతోంది" అంటారు. ఫ్లూ వచ్చినవారికి ఆ తడుములాట ఉండదు. "నిన్న సాయంత్రం నాలుగింటికి. ఆఫీసులో ఉన్నాను. ఉన్నట్టుండి చలి పుట్టింది, నడుం పట్టేసింది, ఇంటికెలా వచ్చానో నాకే తెలీదు" అంటారు. జలుబు మెట్లెక్కి వస్తుంది. ఫ్లూ తలుపు తన్నుకుని వస్తుంది.

ఈ తేడా ఎందుకో తెలియాలంటే ఒకసారి ఇంగ్లండు వెళ్ళాలి. 1933లో లండన్‌లోని వైద్య పరిశోధన సంస్థలో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లైడ్‌లా అనే ముగ్గురు ఫ్లూకి కారణం వెతుకుతున్నారు. ఆ రోజుల్లోనే ఆండ్రూస్‌కి ఫ్లూ వచ్చింది. ఆయన గొంతు కడిగిన నీళ్ళను ఫెర్రెట్ అనే జంతువు ముక్కులో వేశారు. చూడటానికి మన ముంగిసలా ఉంటుంది అది. రెండు రోజులు తిరిగేసరికి దానికీ జ్వరం, తుమ్ములు. తర్వాత అలాంటి ఒక ఫెర్రెట్ స్మిత్ మొహం మీద తుమ్మింది, ఆయనా పడకేశాడు. ఆయన నుంచి తీసిన వైరస్‌కి ఆయన పేరులోని తొలి అక్షరాలే పెట్టారు, 'డబ్ల్యూఎస్' అని. మనుషుల్లో ఫ్లూ తెచ్చే వైరస్ ఆ ఏడాది అలా దొరికింది.

ఇదే ఆండ్రూస్ ఆ తర్వాత జలుబు మీద పడ్డారు. అది అంత తేలిగ్గా చిక్కలేదు. 1946లో సాలిస్‌బరీ దగ్గర ఒక పాత సైనిక ఆసుపత్రిలో జలుబు పరిశోధన కేంద్రం మొదలైంది. పది రోజులు ఉచితంగా ఉండండి, తిండి పెడతాం, కొద్దిగా చేతి ఖర్చూ ఇస్తాం, కాకపోతే ముక్కులో జలుబు చుక్కలు వేస్తాం అని పత్రికల్లో ప్రకటనలు ఇచ్చారు. జనం సెలవులకు వెళ్ళినట్టు వెళ్ళారు! ఇద్దరు ముగ్గుర్ని ఒక్కో గదిలో ఉంచి, మిగతావారి దగ్గరికి పోనివ్వకుండా, ఎవరు ఎన్ని చేతిరుమాళ్ళు వాడారో కూడా లెక్క రాసుకునేవారు. కొందరిని వేడినీళ్ళ స్నానం తర్వాత తడి బట్టలతో చలిగాలిలో నిలబెట్టి చూశారు. ఒట్టి చలికి జలుబు పుట్టలేదు. తడిస్తే పడిశం పడుతుందన్న మాట మన ఇళ్ళలోనే కాదు, అక్కడా గట్టిగానే ఉండేది మరి.

అసలు చిక్కు వైరస్‌ని గాజు గొట్టాల్లో పెంచడంలో వచ్చింది. ఒంటి వేడి 37 డిగ్రీల సెల్సియస్ కదా అని అందరూ ఆ వేడిలోనే పెంచబోయేవారు. 1960లో డేవిడ్ టైరెల్ బృందం ఆ వేడిని 33 డిగ్రీలకు తగ్గించింది. అప్పటిదాకా మొండికేసిన రైనోవైరస్‌లు బాగా పెరిగాయి. ముక్కులోపల గాలి తగిలే చోట ఉండే వేడి దాదాపు అంతే. జలుబు ముక్కునీ గొంతునీ పట్టుకుని ఎందుకు వేలాడుతుందో ఆ నాలుగు డిగ్రీల తేడాలో చాలావరకు ఉంది. దానికి ఆ చల్లని గదే హాయి. ఆస్తమా ఉన్నవారిలో మాత్రం కిందికి దిగి ఆయాసం రేపగలదు. అందుకే వారికి జలుబు చిన్న విషయం కాదు.

ఫ్లూ వైరస్‌కి ఆ పట్టింపు లేదు. ముక్కులోంచి శ్వాసనాళంలోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల గొట్టాల్లోకి దిగిపోతుంది. ఆ గొట్టాల లోపలి గోడకు సన్నని నూగులాంటి పొర ఉంటుంది. దుమ్మునీ కఫాన్నీ సూక్ష్మజీవుల్నీ ఆ నూగే రేయింబవళ్ళు పైకి ఊడ్చిపోస్తుంటుంది. ఫ్లూ ఆ పొరను తగలబెట్టినట్టు చేస్తుంది. మళ్ళీ మొలవడానికి వారాలు పడుతుంది. జ్వరం తగ్గినా పొడిదగ్గు పోకపోవడానికి కారణం అదే. ఈ ఊడ్చే పొర సంగతి గుర్తుంచుకోవాలి, అయిదో రోజు కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఒళ్ళునొప్పులకు మాత్రం వైరస్ నేరుగా బాధ్యురాలు కాదు. అది సాధారణంగా కండరాల్లోకి వెళ్ళదు. దాన్ని చూసి ఒళ్ళు తన రక్షణ దళాన్ని లేపుతూ రక్తంలోకి వదిలే సంకేతాలే చలి, జ్వరం, తలపోటు, కీళ్ళు విరిచినట్టుండే నొప్పి పుట్టిస్తాయి. జలుబులో ఆ యుద్ధం ముక్కు దగ్గరే జరుగుతుంది కాబట్టి ఒళ్ళంతటికీ కబురు అందదు.

ఇక రెండు జబ్బుల నడక చూద్దాం. జలుబు వైరస్ అంటిన ఒకటి నుంచి మూడు రోజుల్లో గొంతు గరగరతో మొదలవుతుంది. తర్వాత తుమ్ములు, నీళ్ళలా ముక్కు కారడం, కళ్ళు చెమ్మగిల్లడం. రెండో రోజో మూడో రోజో పరాకాష్ఠ. పెద్దల్లో జ్వరం ఉండదు, ఉన్నా వెచ్చదనమే. పిల్లల్లో కాస్త జ్వరం రావచ్చు. మూడో రోజుకు చీమిడి చిక్కబడి పసుపు, ఆకుపచ్చ రంగుకు తిరుగుతుంది. ఇక్కడే చాలామంది ఇన్‌ఫెక్షన్ ముదిరిందని యాంటీబయాటిక్ కొంటారు. ఆ రంగు మన తెల్ల రక్తకణాల్లోని ఒక పదార్థానిది, అవి పనిచేస్తున్నాయని మాత్రమే దాని అర్థం. వారం పది రోజుల్లో జలుబు పోతుంది, దగ్గు ఇంకో వారం ఉండొచ్చు. మందు వేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అన్న పాత జోకు వైద్యశాస్త్రం ప్రకారం కూడా దాదాపు నిజమే. బడికి వెళ్ళే పిల్లలకు ఏడాదికి ఆరేడుసార్లు జలుబు చేయడం మామూలే. ఒక్కోటి పది రోజులు వేసుకుంటే, చలికాలమంతా ఆ ముక్కు ఆరకపోవడంలో వింతేమీ లేదు.

ఫ్లూ అంటిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో, సగటున రెండో రోజున, విరుచుకుపడుతుంది. జ్వరం కొన్ని గంటల్లోనే 102, 103కి ఎగబాకుతుంది. చలి, తలపోటు, నడుం నొప్పి, పొడిదగ్గు, అన్నం చూస్తే వెగటు. ముక్కు కారడం ఉండొచ్చు, ఉండకపోవచ్చు, అది ఇక్కడ చిన్న పాత్రధారి. జ్వరం మూడు నాలుగు రోజుల్లో దిగుతుంది. వారానికి మనిషి లేచి తిరుగుతాడు, కాని దగ్గు, నీరసం రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే వెంటాడతాయి. పైగా లక్షణాలు కనిపించే ముందు రోజు నుంచే, ఆ తర్వాత అయిదారు రోజులదాకా ఇతరులకు అంటిస్తాడు.

మన దేశంలో ఫ్లూ రెండు విడతలుగా వస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా ఒకటి, వానలతోను వానల తర్వాతా మరొకటి. 2009లో 'స్వైన్ ఫ్లూ' పేరుతో ప్రపంచమంతా తిరిగిన హెచ్1ఎన్1 రకానికి భారతదేశంలో తొలి కేసు బయటపడింది హైదరాబాదులోనే, ఆ ఏడాది మే నెలలో, అమెరికా నుంచి వచ్చిన ఒక యువకుడిలో. అప్పుడు మాస్కులు కట్టుకుని వణికిపోయాం. ఆ వైరస్ ఎక్కడికీ పోలేదు. ఏటా వచ్చే మామూలు ఫ్లూలలో ఒకటిగా కలిసిపోయి మన మధ్యే తిరుగుతోంది. మనమే దాన్ని 'వైరల్ ఫీవర్' అని పిలవడం మొదలెట్టాం.

ఇప్పుడొక ఇంటిని ఊహించుకుందాం. విజయవాడలో ఒక అపార్ట్‌మెంటు అనుకోండి. అయిదో తరగతి చదివే అబ్బాయికి గురువారం నుంచి జలుబు. ముక్కు కారుతోంది, కాని బంతాట మానలేదు. తాతగారికి 68 ఏళ్ళు, పదిహేనేళ్ళుగా షుగరు. శనివారం ఒక పెళ్ళికి వెళ్ళొచ్చారు. సోమవారం మధ్యాహ్నం పేపరు చదువుతూ ఉన్నవారు నాలుగింటికి దుప్పటి అడిగారు. ఆరింటికి జ్వరం 102.

కోడలు చేసిన మొదటి ఊహ అందరం చేసేదే. "మనవడి జలుబే అంటుకుంది మామయ్యగారూ, ఈ బిళ్ళ వేసుకుని పడుకోండి" అంది. ఈ ఊహ తప్పు. అబ్బాయిది మెట్లెక్కి వచ్చిన జబ్బు, తాతగారిది తలుపు తన్నుకుని వచ్చినది. పెళ్ళిలో వందలమంది మధ్య కూర్చున్న రోజుకీ జ్వరం వచ్చిన గంటకీ మధ్య సరిగ్గా రెండు రోజులు. ఒక ఇంట్లో ఒకే వారంలో ఇద్దరు దగ్గితే ఇద్దరిదీ ఒకే వైరస్ అయి తీరాలని లేదు.

రెండో తప్పు ఆ బిళ్ళలో ఉంది. జలుబు బిళ్ళ అని అమ్మేవాటిలో చాలావరకు పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు ముందే కలిసి ఉంటుంది. దానికి తోడు జ్వరానికని 650 బిళ్ళ వేరే ఇచ్చారు. రెండూ కలిపి రోజుకు నాలుగుసార్లు వేస్తే 4.6 గ్రాములు అవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి కూడా రోజుకు 4 గ్రాములే గరిష్ఠ హద్దు. వయసు మళ్ళినవారికి, బక్కపలచనివారికి, కాలేయం దెబ్బతిన్నవారికి, రోజూ మద్యం తాగేవారికి ఇంకా తక్కువే ఉండాలి. అదే జలుబు బిళ్ళలో ముక్కు దిబ్బడ తగ్గించే మందు రక్తపోటు పెంచవచ్చు, తుమ్ములు ఆపే మందు వృద్ధుల్లో మగతనీ మూత్రం బిగపట్టడాన్నీ తేవచ్చు. పట్టీ వెనక సన్నక్షరాలు ఒకసారి చదవడానికి అర నిమిషం చాలు.

మూడో తప్పు ఖరీదైనది. "మూడు రోజులు చూద్దాం" అనుకున్నారు. అబ్బాయి విషయంలో అది మంచి నిర్ణయమే. తాతగారి విషయంలో కాదు. ఫ్లూ మీద నేరుగా పనిచేసే మందు ఒసెల్టామివిర్. వైరస్ ఒక కణం నుంచి బయటపడి పక్క కణానికి పోకుండా అది అడ్డుకుంటుంది. వైరస్ విపరీతంగా పెరిగేది తొలి రెండు రోజుల్లోనే కాబట్టి లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా ఉపయోగం. పెద్దలకు సాధారణంగా 75 మిల్లీగ్రాములు పొద్దునా సాయంత్రం, అయిదు రోజులు. మూత్రపిండాలు సరిగా పనిచేయనివారికి మోతాదు తగ్గించాలి. అందుకే ఇది డాక్టరు చీటీతోనే వాడాల్సిన మందు. ఆరోగ్యవంతుడైన యువకుడికి దీనివల్ల జబ్బు ఒక రోజు తగ్గుతుందేమో, అంతే. ముప్పు ఉన్నవారికి అసలు లాభం. తాతగారి గడువు బుధవారం సాయంత్రం నాలుగింటికి ముగిసింది. గడువు దాటినా జబ్బు తీవ్రంగా ఉన్నవారికి డాక్టర్లు ఈ మందు మొదలుపెడతారు గాని, తొలి రోజుల పదును దానికి ఉండదు.

గురువారానికి జ్వరం దిగింది. శుక్రవారం పొద్దున తాతగారు లేచి కాఫీ తాగారు. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. శనివారం రాత్రి మళ్ళీ చలి. ఈసారి దగ్గులో పసుపు కఫం, గట్టిగా ఊపిరి తీస్తే కుడి డొక్కలో పోటు. ఆదివారం పొద్దున మనవణ్ణి వాళ్ళ నాన్న పేరుతో పిలిచారు. కోవిడ్ కాలంలో కొన్న ఆక్సీమీటరు అల్మారాలోంచి తీసి వేలికి పెడితే 91 చూపించింది. ఎక్స్‌రేలో న్యుమోనియా.

తగ్గి తిరగబెట్టడం, ఫ్లూలో ఇంతకంటే చెడ్డ గుర్తు తక్కువ. మొదటి జ్వరం వైరస్‌ది. రెండోది చాలాసార్లు బాక్టీరియాది. ఊడ్చే పొర కాలిపోయిన గొట్టాల్లోకి, మామూలుగా ముక్కులోనో గొంతులోనో అణిగి ఉండే బాక్టీరియా జారి దిగుతుంది. అడ్డుకునేవారు లేరు. 1918లో బొంబాయి రేవు నుంచి దేశమంతా పాకిన ఇన్‌ఫ్లుయెంజా కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆనాడు చనిపోయిన అమెరికన్ సైనికుల ఊపిరితిత్తుల ముక్కలను భద్రపరచి ఉంచితే, 2008లో అక్కడి శాస్త్రజ్ఞులు వాటిని మళ్ళీ పరీక్షించారు. దాదాపు అన్నింటిలోనూ బాక్టీరియా న్యుమోనియా ఆనవాళ్ళు కనిపించాయి. వైరస్ తలుపు బద్దలుకొట్టింది, వెనకనే దొంగలు దిగారు. యాంటీబయాటిక్‌లు అప్పటికి ఇంకా పుట్టనే లేదు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. సోమవారం తాతగారికి యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే అది దండగ, వైరస్ మీద దానికి పని లేదు. ఆదివారం ఆయన్ని కాపాడింది అదే యాంటీబయాటిక్. 2023 మార్చిలో హెచ్3ఎన్2 రకం ఫ్లూ దేశమంతా దగ్గిస్తున్నప్పుడు భారత వైద్య సంఘం ఈ మాటే గట్టిగా చెప్పాల్సి వచ్చింది. జ్వరం మూడు రోజుల్లో పోతుంది, దగ్గు మూడు వారాలు ఉండొచ్చు, యాంటీబయాటిక్‌లు రాయకండి అని తన సొంత డాక్టర్లకే సూచించింది.

మరి ఎవరిని ఇంట్లో ఉంచాలి, ఎవరిని వెంటనే చూపించాలి? 2009 నుంచి కేంద్ర ఆరోగ్య శాఖ ఇందుకు ఒక సులువైన పద్ధతి పాటిస్తోంది, రోగుల్ని ఎ, బి, సి అని విడదీస్తుంది. కొద్దిపాటి జ్వరం, దగ్గు, గొంతునొప్పి ఉంటే 'ఎ'. పరీక్ష అక్కర్లేదు, ఒసెల్టామివిర్ అక్కర్లేదు, ఇంట్లో విశ్రాంతి. ఒకటి రెండు రోజుల్లో పరిస్థితి మళ్ళీ చూసుకోవాలి. జ్వరం, గొంతునొప్పి తీవ్రంగా ఉంటే, లేదా లక్షణాలు కొద్దిపాటివే అయినా రోగి ముప్పు ఉన్న జాబితాలో ఉంటే 'బి'. ఇంట్లోనే ఉంచవచ్చు, కాని డాక్టరుకు చూపించి మందు మొదలుపెట్టాలి. తాతగారు మొదటి రోజునే ఈ గుంపులో ఉన్నారు. ఆ జాబితాలో 65 దాటినవారు, అయిదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, షుగరు, గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం జబ్బులున్నవారు, క్యాన్సరుకో మరోదానికో రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు ఉంటారు.

'సి' అంటే ఇంట్లో ఉంచకూడదు. ఆయాసం, ఛాతీలో నొప్పి, కఫంలో రక్తం, మగత, బీపీ పడిపోవడం, గోళ్ళు నీలం తిరగడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆసుపత్రే. వేలికి ఆక్సీమీటరు పెడితే 94 కంటే తక్కువ చూపినా అంతే. గోరింటాకు గాని నెయిల్ పాలిష్ గాని ఉన్న వేలికి పెడితే లెక్క తప్పవచ్చు, చేతులు చల్లగా ఉన్నా తప్పవచ్చు. కొంచెం వెచ్చబరిచి ఇంకో వేలికి పెట్టి చూడాలి. వయసు మళ్ళినవారిలో ఇంకో మెలిక ఉంది. కొందరికి జ్వరం పెద్దగా రాదు. ఉన్నట్టుండి తికమక మాటలు, అన్నం మానేయడం, లేవబోయి పడిపోవడం, ఇవే మొదటి గుర్తులు కావచ్చు. షుగరున్నవారికి జ్వరంలో షుగరు పెరుగుతుంది. ఏమీ తినకుండా మందులు మాత్రం వేసుకుంటే ఒక్కసారిగా పడిపోనూవచ్చు. రోజుకు రెండు మూడుసార్లు చూసుకోవాలి.

పసిపిల్లల విషయంలో పల్లెటూరి అమ్మమ్మలకు ఎప్పటి నుంచో తెలిసిన గుర్తు ఒకటుంది, "డొక్కలెగరేస్తున్నాడు" అంటారు. ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల కింద గుంట పడటం అది. డాక్టర్లు చూసేదీ అదే. చొక్కా తీసి, బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, పూర్తిగా ఒక నిమిషం ఊపిర్లు లెక్కపెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రెండు నెలల్లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాదిలోపు 50, ఆ పైన అయిదేళ్ళలోపు 40 వస్తే, అంతకు మించినా, అది వేగంగా ఊపిరి తీయడమే. డొక్కలు ఎగరేసినా, పాలు తాగడం మానేసినా, లేపినా సరిగా లేవకపోయినా, పొద్దుటి నుంచి మూత్రం పోయకపోయినా తెల్లారేదాకా ఆగకూడదు. మూడు నెలల్లోపు బిడ్డకు 100.4 జ్వరం వస్తే అది జలుబా ఫ్లూనా అన్న చర్చే వద్దు, వెంటనే చూపించాలి.

పిల్లలకు జలుబు సిరప్‌ల సంగతీ చెప్పుకోవాలి. చిన్న పిల్లల్లో అవి జలుబు తగ్గిస్తాయన్న ఆధారం లేదు, హాని మాత్రం ఉంది. 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్ఎఫ్రిన్ కలిపిన మందులు నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని సీసా మీదే ముద్రించాలని ఆదేశించింది. ముక్కు మూసుకుపోయిన పసిబిడ్డకు ఉప్పునీటి చుక్కలు, ఏడాది దాటినవారికి పడుకునే ముందు ఒక చెంచా తేనె మేలు. ఏడాదిలోపు వారికి తేనె ఇవ్వకూడదు. జ్వరంలో పిల్లలకు ఆస్పిరిన్ అసలే వద్దు. ఫ్లూ ఉన్న పిల్లల్లో అది మెదడునీ కాలేయాన్నీ దెబ్బతీసే అరుదైన జబ్బుకు దారితీస్తుంది. ఆవిరి పట్టేటప్పుడు సలసల కాగే గిన్నె పిల్లల దగ్గర పెట్టి కాళ్ళు కాల్చిన ఇళ్ళు తక్కువేమీ కాదు.

వానాకాలంలో మనకున్న అదనపు చిక్కు డెంగీ. అది కూడా ఉన్నట్టుండి జ్వరంతో, ఒళ్ళు విరిచేసే నొప్పులతోనే మొదలవుతుంది. తేడా దగ్గులో దొరుకుతుంది. డెంగీలో దగ్గు, జలుబు సాధారణంగా ఉండవు, కంటి వెనక పోటు, వాంతులు, ఒంటిమీద ఎర్రని దద్దుర్లు ఉండొచ్చు. తెలియని జ్వరానికి ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు వేసుకోకూడదనేది ఇందుకే, డెంగీ అయితే అవి రక్తస్రావానికి దారితీస్తాయి. జ్వరం దిగాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం కనిపిస్తే డెంగీలో అదే ప్రమాద ఘడియ. ఇక కోవిడ్‌నీ ఫ్లూనీ లక్షణాలతో విడదీయడం డాక్టర్లకే సాధ్యం కాదు, ముక్కులోంచి నమూనా తీసి పరీక్షించాల్సిందే. ముప్పు ఉన్న మనిషికి ఫ్లూ అని అనుమానం వస్తే ఆ పరీక్ష ఫలితం కోసం మందు ఆపరు.

మామూలు జలుబుతోనూ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన సందర్భాలున్నాయి. పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోతే, తగ్గుతున్నట్టే ఉండి మళ్ళీ జ్వరంతో బుగ్గల్లో, నుదుట పోటు మొదలైతే, పిల్లవాడు చెవి పట్టుకుని ఏడిస్తే, ఆస్తమా ఉన్నవారికి పిల్లికూతలు వినిపిస్తే. అంతకుమించి జలుబుకు వైద్యం లేదు, టీకా కూడా లేదు. రైనోవైరస్‌లే 160కి పైగా రకాలున్నాయి మరి, ఎన్నింటికని చేస్తారు!

ఫ్లూకి టీకా ఉంది. వైరస్ ఏటా వేషం మారుస్తుంది కాబట్టి టీకా కూడా ఏటా మారుతుంది, ఏటా వేయించుకోవాలి. వేసుకున్నాక పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. రకాలు సరిగా కుదిరిన ఏడాది డాక్టరు దాకా వెళ్ళాల్సిన ఫ్లూని నూటికి 40 నుంచి 60 పాళ్ళు తగ్గిస్తుంది. పూర్తి కవచం కాదు, ఆసుపత్రి పాలు కాకుండా చాలామందిని కాపాడుతుంది. ఆరు నెలలు నిండిన బిడ్డ నుంచి వేయవచ్చు. గర్భిణికి వేస్తే పుట్టబోయే బిడ్డకూ తొలి నెలల్లో రక్షణ దొరుకుతుంది. మన జాతీయ ఉచిత టీకాల పట్టికలో ఇది లేదు, డబ్బు పెట్టి వేయించుకోవాలి. తెలుగు ప్రాంతాల్లో వానలు మొదలయ్యే ముందు, అంటే మే, జూన్ నెలల్లో వేయించుకుంటే మంచిది. ఇంట్లో ఒక్కరికే వేయించగలిగే స్తోమత ఉంటే ఆ ఒక్కరు తాతగారే కావాలి.

ఇక ఈసారి ఇంట్లో ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే బిళ్ళ వెతికే ముందు గోడమీది క్యాలెండరులో ఆ తేదీ దగ్గర గంట కూడా రాసిపెట్టండి. దిగిన రోజూ రాయండి, మళ్ళీ వస్తే ఆ గంటా రాయండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం ఫోటో తీసుకెళ్ళండి.